గుజ్జు మాత్రలు ఎన్నాళ్లు వాడాలి?

ప్రశ్న: నా వయసు 62. ఉపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. నాలుగేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రే తీసి రెండో గ్రేడు అరుగుదల అన్నారు. ఎనిమిది నెలల క్రితం డాక్టరు గారు గ్లూకోసమైన్, డయాసెరిన్ కలిసిన మాత్రలు రాసి, మూడు నెలలు వాడి రమ్మన్నారు. నేను మళ్లీ వెళ్లలేదు, మందుల షాపులో పాత చీటీ చూపించి కొనుక్కుంటున్నాను. మొదటి రెండు నెలలు తేలిగ్గా అనిపించింది, తర్వాత మామూలే. పోయిన నెల మేనకోడలి పెళ్లికి వెళ్లి పది రోజులు మానేస్తే నొప్పి బాగా పెరిగింది. ఈమధ్య విరేచనాలు కూడా పలచగా అవుతున్నాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసిన పెద్ద డబ్బా పంపాడు. దాని మీద రొయ్య, పీత అని ఉంది. మేము శాకాహారులం, అందుకని నేను ముట్టలేదు. మా వారు మాత్రం మందుకు మడి ఏమిటని తన మోకాళ్ల కోసం రోజూ వేసుకుంటున్నారు. ఆయనకు గుండె కవాటం మార్చారు, రక్తం పలచబడే మాత్ర వాడతారు. మా వదిన "ఆపావంటే ఉన్న గుజ్జు కూడా పోతుంది" అని భయపెడుతోంది. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఎన్నాళ్లు వాడాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మోకాళ్ల సంగతికి వచ్చే ముందు మీ వారి సంగతి చెప్పాలి. మీరు ఉత్తరం చివర్లో వేసిన ఆ ఒక్క వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

కవాటం మార్చినవారికి సాధారణంగా ఇచ్చేది వార్ఫరిన్ లేదా అసెనోకుమరాల్. మీ వారు వాడేది వీటిలో ఒకటే అయితే, గ్లూకోసమైన్ తోడైనప్పుడు రక్తం మరీ పలచబడిన సందర్భాలు వైద్య రికార్డుల్లో ఉన్నాయి. అందరికీ అలా జరగదు. జరిగినప్పుడు మాత్రం చిగుళ్ల నుంచి రక్తం రావడం, ఒంటిమీద కారణం లేకుండా నల్లని కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం వంటివి కనిపిస్తాయి. ఒక్కోసారి ఇవేవీ ముందుగా కనిపించకుండానే లోపల రక్తస్రావం మొదలవుతుంది. ఈరోజే గుండె డాక్టరుకు ఫోను చేసి, ఎన్నాళ్లుగా ఈ డబ్బాలోంచి వేసుకుంటున్నారో చెప్పండి. రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష వెంటనే చేయించండి. గ్లూకోసమైన్ ఆపాక ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేయించాలి, ఎందుకంటే అది ఆగాక ఐఎన్ఆర్ కిందికి పడితే కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. ఆపాల్సింది డబ్బాలోని మాత్రనే. రక్తం పలచబడే మాత్రను మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు.

ఇక మీ సంగతి. ఈ మాత్రల వెనక ఉన్న ఆలోచన వినడానికి చాలా సబబుగా ఉంటుంది. మోకాలి గుజ్జులో గ్లూకోసమైన్ నుంచి తయారయ్యే పదార్థాలు ఉంటాయి, కాండ్రాయిటిన్ కూడా ఉంటుంది. కాబట్టి ముడిసరుకు నోటి ద్వారా అందిస్తే గుజ్జు బాగుపడుతుందన్నారు. చిక్కెక్కడంటే, మింగినదంతా మోకాలికి చేరదు. ప్రయోగశాలలో గుజ్జు కణాల మీద ప్రభావం చూపిన మోతాదుతో పోలిస్తే, మాత్ర వేసుకున్నవారి రక్తంలో కనిపించే గ్లూకోసమైన్ చాలా తక్కువ. అందుకే మనుషుల మీద జరిగిన పరీక్షలనే చూడాలి.

వాటిలో బాగా పేరున్నది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థల డబ్బుతో జరిగి, 2006లో ఫలితాలు వెలువడిన గెయిట్ పరీక్ష. మోకాళ్ల అరుగుదల ఉన్న 1,583 మందిని చీటీలు వేసినట్టు అయిదు గుంపులు చేశారు. ఒక గుంపుకు గ్లూకోసమైన్, ఒక గుంపుకు కాండ్రాయిటిన్, ఒక గుంపుకు రెండూ, ఒక గుంపుకు సెలెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర, చివరి గుంపుకు మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 24 వారాల తర్వాత నొప్పి అయిదో వంతు అయినా తగ్గినవారిని లెక్కపెట్టారు. రెండు మందులూ కలిపి వాడినవారిలో వందకు దాదాపు 67 మందికి తగ్గింది. ఇంతవరకే చెబితే ఎవరైనా మందుల షాపుకు బయలుదేరతారు. కానీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో కూడా వందకు 60 మందికి తగ్గింది! సెలెకాక్సిబ్ గుంపులో 70 మందికి. 60కీ 67కీ మధ్య ఉన్న తేడా కాకతాళీయం కూడా కావచ్చునని, మందు పనిచేసిందని చెప్పడానికి అది చాలదని గణాంకాలు తేల్చాయి.

ఆ 60 మందీ అబద్ధాలాడినవారు కారు. మోకాలి అరుగుదల నొప్పి కొన్ని నెలలు ముదిరి, కొన్ని నెలలు తగ్గే రకం. మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడే. అక్కడి నుంచి అది ఎటూ కొంత దిగుతుంది. ఆ దిగడం మొదలయ్యే వేళకు మన చేతిలో ఏ మాత్ర ఉంటే దానికే పేరొస్తుంది. మందు వాడుతున్నామన్న నమ్మకం, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం కూడా నొప్పిని నిజంగానే కొంత తగ్గిస్తాయి. మీకు మొదటి రెండు నెలలు తేలిగ్గా ఉండడం, తర్వాత మామూలు కావడం చదివినప్పుడు నాకు ఈ 60 మందే గుర్తొచ్చారు. మందు కొంత పనిచేసి ఉండదని నేను ఖాయంగా అనలేను. అయితే మందు లేకపోయినా ఇదే కథ జరిగి ఉండవచ్చు.

గెయిట్‌లోనే ఇంకో అంకె ఉంది. ఈ మాత్రలు అమ్మేవారు ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. నొప్పి ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న 354 మందిని విడిగా చూస్తే, రెండూ కలిపి వాడినవారిలో వందకు 79 మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 54 మందికి తగ్గింది. ఇది చిన్న తేడా కాదు. అయితే పెద్ద గుంపును చిన్న ముక్కలుగా కోసి చూసినప్పుడు ఏదో ఒక ముక్కలో ఇలాంటి తేడా అదృష్టవశాన కూడా కనబడుతుంది. కాబట్టి అలాంటి రోగులనే తీసుకుని మళ్లీ పరీక్షించి చూడాలి. చూశారు కూడా. ఐరోపాలో 606 మంది మీద జరిగిన మూవ్స్ పరీక్షలో ఆరు నెలలకు ఈ రెండు మందుల కలయిక సెలెకాక్సిబ్‌తో సమానంగా నిలిచింది, రెండు గుంపుల్లోనూ నొప్పి సగానికి తగ్గింది. బాగుంది కదా అనిపిస్తుంది. అందులో ఉత్తుత్తి మాత్ర గుంపే లేదు! మందు తయారీ సంస్థ ఖర్చుతో జరిగిన పరీక్ష అది. ఉత్తుత్తి మాత్రను చేర్చి స్పెయిన్‌లో 164 మందితో జరిపిన ఇంకో పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఆరు నెలలకు మందు వాడినవారిలో నొప్పి 19 శాతం తగ్గితే, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 33 శాతం తగ్గింది. ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. దానికి డబ్బు పెట్టినది కూడా మందుల కంపెనీయే కాబట్టి, ఫలితం కావాలని కిందికి లాగారనడానికి లేదు.

అలాగని ఈ మాత్రల వైపు ఏ సాక్ష్యమూ లేదంటే అది అన్యాయమే. ఐరోపాలో ఒక కంపెనీ తయారు చేసే స్ఫటిక రూపంలోని గ్లూకోసమైన్ సల్ఫేట్‌తో, రోజుకు ఒకేసారి 1,500 మిల్లీగ్రాములు ఇచ్చి జరిపిన పరీక్షల్లో మంచి ఫలితాలు వచ్చాయి. గెయిట్‌లో వాడింది హైడ్రోక్లోరైడ్ రకం, తేడా అక్కడే ఉందని వారి వాదన. అందుకే ఐరోపా నిపుణుల సంఘాల్లో ఒకటి ఇప్పటికీ ఆ ప్రత్యేక రకాన్ని సిఫార్సు చేస్తుంది. అమెరికా రుమటాలజీ కాలేజీ మాత్రం 2019లో మోకాళ్లకు గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ రెండూ వద్దని గట్టిగానే చెప్పింది. కంపెనీ డబ్బుతో జరిగినవాటిలో లాభం కనిపించడం, బయటివారు చేసినవాటిలో అది మాయం కావడం ఇన్నేళ్లుగా పదే పదే జరిగింది. నా మొగ్గు ఎటువైపో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మీ వదిన గారి మాటకు వద్దాం. "ఆపితే ఉన్న గుజ్జు పోతుంది" అన్న భయం గాలిలోంచి పుట్టలేదు. 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మూడేళ్ల పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వాడినవారి మోకాలి ఎముకల మధ్య ఖాళీ సగటున 0.31 మిల్లీమీటర్లు తగ్గితే, గ్లూకోసమైన్ సల్ఫేట్ వాడినవారిలో 0.06 మాత్రమే తగ్గింది. గుజ్జు నిలబడిందని అప్పట్లో పెద్ద వార్త అయింది. అయితే ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు, ఎముకల మధ్య ఖాళీ మాత్రమే కనిపిస్తుంది. నొప్పి తక్కువగా ఉన్న మనిషి మోకాలు పూర్తిగా చాపి నిలబడగలడు, నొప్పి ఉన్నవాడు కాస్త వంచుతాడు. ఆ కొద్ది వంపుకే ఖాళీ కొలత మారిపోతుంది. తర్వాత గెయిట్ రోగుల్లో కొందరిని రెండేళ్లు గమనిస్తే ఏ గుంపుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆస్ట్రేలియాలో 605 మంది మీద రెండేళ్లు జరిగిన పరీక్షలో, రెండు మందులూ కలిపి వాడినవారికి ఖాళీ 0.10 మిల్లీమీటరు మేర తక్కువగా తగ్గింది, కానీ నొప్పిలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ లేదు. ఏ పరీక్షలోనూ పోయిన గుజ్జు మళ్లీ పెరగలేదు. ఆపినందువల్ల అరుగుదల ఒక్కసారిగా ఎక్కువైందని కూడా తేలలేదు. ఈ మాత్రలను మెల్లగా తగ్గిస్తూ ఆపాల్సిన పని లేదు, రేపటి నుంచి మానేసినా ఏమీ కాదు.

మరి పెళ్లిలో పది రోజులు మానేస్తే నొప్పి ఎందుకు పెరిగింది? ఆ పది రోజులు ఎలా గడిచాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పీటల దగ్గర కింద కూర్చుని లేవడం, కల్యాణ మండపం మెట్లు, గంటల తరబడి నిలబడి బంధువులను పలకరించడం, బస్సు ప్రయాణం, నిద్ర చాలకపోవడం. రెండో గ్రేడు మోకాలు మాత్ర వేసుకుంటున్నా ఆ వారం మూలిగేదే. పైగా ఈ మందు ప్రభావం ఏమైనా ఉంటే అది వారాల మీద వచ్చి వారాల మీద పోతుంది. మానేసిన పది రోజుల్లోనే నొప్పి బాగా పెరిగిందంటే దానికి మాత్ర కారణం కాకపోవచ్చు.

మీ విరేచనాలకు కారణం బహుశా మాత్రలో రెండో భాగమైన డయాసెరిన్. పలచటి విరేచనాలు దానికి బాగా తెలిసిన దుష్ఫలితం, మూత్రం రంగు ముదురు పసుపుగా మారడం కూడా దానివల్లే. ఐరోపా ఔషధ సంస్థ 2014లో 65 ఏళ్లు దాటినవారికి దాన్ని మొదలుపెట్టవద్దని, విరేచనాలు మొదలైతే వెంటనే ఆపేయాలని చెప్పింది. మీకు 62 అయినా, విరేచనాలు మొదలయ్యాయి కాబట్టి ఆ మాత్రను ఇక వేసుకోకండి. రాసిన డాక్టరుకు విషయం చెప్పండి. ఆపిన కొద్ది రోజుల్లో పొట్ట కుదుటపడితే కారణం అదే. పడకపోతే వేరే ఏదో ఉంది, చూపించుకోవాలి.

ఆ మాత్ర ఆగిపోతుంది కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి.

మొదటిది, ఈ రకం మందులకు ఇంతటితో స్వస్తి చెప్పడం. దీనివల్ల మీరు పోగొట్టుకునేది పెద్దగా లేదు. నెలనెలా మందుల షాపులో పెట్టే డబ్బు మిగులుతుంది. మీ స్థానంలో నా అక్క ఉంటే నేను ఇదే చెబుతాను.

రెండోది, "నాకు పనిచేస్తుందేమో, తేల్చుకోకుండా ఎలా వదలను" అనిపిస్తే, తేల్చుకునే పద్ధతిలో వాడటం. ఇప్పటిదాకా మీరు చేసినది వాడటమే తప్ప పరీక్షించడం కాదు. ముందు ఆరు వారాలు ఏ గుజ్జు మాత్రా లేకుండా ఉండండి. ఒక పుస్తకంలో ప్రతి ఆదివారం సాయంత్రం, ఆ వారం మేడ మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో ఒక అంకె వేయండి. దాని పక్కన ఆ వారం ఎన్ని పారాసిటమాల్ మాత్రలు వేసుకున్నారో రాయండి. పెళ్లి, ప్రయాణం, జారిపడటం లాంటివి ఉంటే అవీ రాయండి. ఆరు వారాలకు మీ అంకె ఇప్పటిలాగే ఉంటే, ఎనిమిది నెలలు వాడిన మందు మీకు ఏమీ చేయలేదని మీ చేతి రాతే చెబుతుంది, ఇక వాడాల్సిన పని లేదు.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా అంకె పెరిగి అక్కడే నిలబడితే, డాక్టరుతో మాట్లాడి డయాసెరిన్ లేని, గ్లూకోసమైన్ సల్ఫేట్ ఒక్కటే ఉన్న మందు రోజుకు 1,500 మిల్లీగ్రాముల మోతాదులో పన్నెండు వారాలు వాడి చూడండి. నాలుగు వారాలకే తీర్పు చెప్పకండి, ప్రభావం ఉంటే నెమ్మదిగానే వస్తుంది. పన్నెండు వారాల తర్వాత అంకె కనీసం రెండు తగ్గి, నొప్పి మాత్రలు కూడా తగ్గి ఉంటేనే లాభం ఉన్నట్టు. ఆరు తగ్గి అయిదయిందంటే అది వారం వారం వచ్చే మామూలు హెచ్చుతగ్గే. మోకాలి అరుగుదల నిపుణుల అంతర్జాతీయ సంస్థ 2008లో ఆరు నెలల్లో గుణం కనిపించకపోతే ఆపేయమంది, 2019కి వచ్చేసరికి అదే సంస్థ ఈ మందులనే సిఫార్సు చేయడం మానేసింది. కాబట్టి ఎంత ఉదారంగా చూసినా ఆరు నెలలు దాటించకండి. నిజంగా లాభం కనిపించినా, ఏడాదికోసారి ఆరు వారాలు ఆపి మళ్లీ అంకెలు వేయాలి. ఈ దారిలో నష్టం డబ్బు, సమయం. గ్లూకోసమైన్ సాధారణంగా పెద్ద దుష్ఫలితాలు లేని మందే. మీకు షుగరు ఉంటే మొదటి నెలలో ఒకసారి పరీక్ష ఎక్కువ చేయించుకుంటే చాలు, మామూలు మోతాదులో అది షుగరును పెంచుతుందని పరీక్షల్లో తేలలేదు.

అబ్బాయి పంపిన డబ్బాను దీనికి వాడకండి. చాలా గ్లూకోసమైన్‌ను రొయ్య, పీత పెంకుల నుంచే తీస్తారు, కాండ్రాయిటిన్‌ను ఎక్కువగా పశువుల మృదులాస్థి నుంచి తీస్తారు. మీ పట్టింపులకు రెండోదే పెద్ద అభ్యంతరం కావచ్చు, పైగా దాన్ని అన్ని డబ్బాల మీదా స్పష్టంగా రాయరు. మొక్కజొన్నను పులియబెట్టి తీసే శాకాహార గ్లూకోసమైన్ దొరుకుతుంది, కొనేముందు స్ట్రిప్పు మీద ఆకుపచ్చ చుక్కతో సరిపెట్టుకోకుండా మందుల షాపులో ఏ మూలం నుంచి తీసిందో అడగండి. మరో చిక్కు, అక్కడి డబ్బాల మీద ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే 1,500 అనే అంకె తరచుగా ఒక మాత్రది కాదు. వెనుకవైపు పట్టీలో రెండు లేక మూడు మాత్రలు కలిపి ఒక మోతాదు అని సన్నగా రాసి ఉంటుంది. మీ వారు రోజుకు ఎన్ని వేసుకున్నారో డాక్టరుకు చెప్పేటప్పుడు ఆ పట్టీని కూడా చూపించండి. అక్కడ ఇవి మందులుగా కాక ఆహార అనుబంధాలుగా అమ్ముడవుతాయి, కాబట్టి లోపల ఉన్నది పట్టీ మీద రాసినంతే ఉంటుందన్న హామీ మందుకు ఉన్నంత గట్టిగా ఉండదు.

మీరు ఏ దారి పట్టినా, మోకాలికి నిజంగా తేడా చూపించే పని వేరే ఉంది. తొడ ముందు భాగంలోని కండరం గట్టిపడితే కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. మీరు కూర్చునే చెక్క కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, నెమ్మదిగా లేచి, అంతకన్నా నెమ్మదిగా కూర్చోండి. ఆయాసం లేకుండా పది సార్లు అయ్యేదాకా వారాల మీద పెంచండి. మొదట్లో పది కాకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. వ్యాయామం తర్వాత కాస్త నొప్పి ఉండి మర్నాటికి తగ్గితే భయం లేదు, మర్నాటికి కూడా ఎక్కువగా ఉంటే సగం చేయండి. బరువు ఎక్కువగా ఉంటే ఒక్కో కిలో తగ్గినప్పుడు నడకలో అడుగు అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 2013లో వచ్చిన అమెరికా పరీక్ష ఒకటి, ఆహారం, వ్యాయామం రెండూ పాటించి ఏడాదిన్నరలో పది కిలోల దాకా తగ్గినవారికి నొప్పి సగం వరకూ తగ్గిందని చూపింది.  నొప్పి ఎక్కువున్న రోజుల్లో మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు, మింగే నొప్పి మాత్రలకన్నా అది పొట్టకూ, మూత్రపిండాలకూ క్షేమం. మీ వారు మాత్రం గుండె డాక్టరును అడగకుండా జెల్ సహా ఏ నొప్పి మందూ వాడకూడదు.

మీరు మొదటి దారి ఎంచుకుంటే కుర్చీ వ్యాయామం రేపే మొదలుపెట్టండి. రెండోది ఎంచుకుంటే ఆ ఆరు వారాలూ, మందు వాడి చూస్తే ఆ పన్నెండు వారాలూ మీ దినచర్యను ఇప్పటిలాగే ఉంచి, ఆ తర్వాత మొదలుపెట్టండి. లేకపోతే నొప్పి తగ్గింది మాత్ర వల్లనా, తొడ గట్టిపడినందుకా అన్నది తేలదు. మోకాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోవడం, ఎర్రబడి వేడెక్కి వాయడం, రాత్రి కదలకుండా పడుకున్నా నొప్పి నిద్ర లేపడం — ఈ మూడింటిలో ఏది వచ్చినా అంకెల పుస్తకం పక్కనపెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.